హౌడీకి జవాబు హౌడీయే

2019 సెప్టెంబరు 22న అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో ఎన్ఆర్‌జీ స్టేడియం కిటకిటలాడిపోయింది. దాదాపు 50 వేల మంది ప్రవాస భారతీయులు వచ్చిన ఆ సభ పేరు ‘హౌడీ, మోదీ’. వేదికెక్కిన ప్రధాని నరేంద్ర మోదీ ఆ పేరునే ప్రశ్నగా పట్టుకున్నారు. ఎలా ఉన్నావు మోదీ అని అడిగారు కాబట్టి చెబుతున్నానంటూ, భారతదేశంలో అంతా క్షేమమేనన్న మాటను వరసగా మన భాషల్లో చెప్పుకుంటూ పోయారు. తెలుగు వంతు వచ్చినప్పుడు ‘అంతా బాగుంది’ అన్నారు.

సభలో చమత్కారంగా అది బ్రహ్మాండంగా పండింది. కానీ టెక్సస్‌లో పుట్టి పెరిగిన మనిషి మాత్రం, దారిలో ఎవరైనా హౌడీ అంటే, అంతా బాగుందని చెప్పడు. తనూ హౌడీ అంటాడు. ఆ మాటలో ప్రశ్న ఎప్పుడో ఆవిరైపోయింది.

ఇంకో విడ్డూరం కూడా ఉంది. హౌడీ అనేది కౌబాయ్ టోపీ పెట్టుకున్న మాట, మర్యాదపు మాటల జాబితాలో దానికి చోటు లేదు. అలాంటి మాటతో ఒక దేశ ప్రధానిని పిలిస్తే ఎవరూ తప్పు పట్టలేదు. హలో పైమెట్టు, హాయ్ దాని కింద, హే ఇంకా కింద, హౌడీ, వాట్సప్ అట్టడుగున అని స్పోకెన్ ఇంగ్లిష్ పుస్తకాలు వేసే నిచ్చెన ఇక్కడ పనికిరాలేదన్నమాట. ఆ నిచ్చెన పూర్తిగా అబద్ధమేమీ కాదు. కాకపోతే ఏ మాట ఎవరి నోట నప్పుతుందో, దానికి ఏం బదులివ్వాలో అది చెప్పదు. అది తెలియాలంటే ఈ అయిదు మాటలూ ఎక్కడ పుట్టాయో చూడాలి. వీటిలో రెండు ఒకప్పుడు ప్రశ్నలు. మిగతా మూడూ కేకలు. ఇన్నేళ్లయినా పుట్టుక వాసన పోలేదు, కొత్తవాళ్లు తడబడేదీ సరిగ్గా అక్కడే.

ముందు ప్రశ్నల సంగతి. ‘హౌ డూ యీ’, అంటే ఎలా ఉన్నావు అని పాత ఇంగ్లండులో అడిగే మాట నోళ్లలో నలిగి నలిగి హౌడీ అయింది. ఇంగ్లండులో అది మాసిపోయింది గానీ అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నిలిచింది. అంతర్యుద్ధం తర్వాత అక్కడి నుంచి పడమటికి వలసపోయిన వాళ్లతో పాటు వెళ్లి పశువుల కాపరుల మాటగా పేరు పడింది. ఇప్పుడది ఒక వర్గం మాట కన్నా ఒక ప్రాంతం మాట. డాలస్‌లో ఏటా జరిగే టెక్సస్ స్టేట్ ఫెయిర్‌లో ‘బిగ్ టెక్స్’ అనే 55 అడుగుల కౌబాయ్ బొమ్మ జనాన్ని పలకరించేది ఈ మాటతోనే. 2012లో ఆ బొమ్మ కాలిపోతే మరుసటి ఏడాదికే మళ్లీ నిలబెట్టారు.

అన్నిటికన్నా గట్టిగా హౌడీని పట్టుకున్నది కాలేజ్ స్టేషన్ ఊళ్లోని టెక్సస్ ఏ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయం. అక్కడ హౌడీ అధికారిక పలకరింపు. ముక్కూ మొహం తెలియకపోయినా ఎదురైతే హౌడీ అనడం ఆనవాయితీ. విద్యార్థులు కోర్సులు నమోదు చేసుకునే ఆన్‌లైన్ పోర్టల్ పేరు కూడా ‘హౌడీ’యే. వేదిక మీద వక్త హౌడీ అంటే సభంతా హౌడీ అని హోరెత్తుతుంది. హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో అక్కడికి ఎంఎస్ చదవడానికి వెళ్లినవాళ్లు మొహమాటం లేకుండా ఆ మాట అనేయవచ్చు. నిజానికి అక్కడ అనకపోతేనే వెలితి.

అదే కుర్రాడు చదువు ముగించుకుని న్యూయార్క్‌లో ఉద్యోగానికి చేరి, మొదటి రోజు ఆఫీసులో హౌడీ అన్నాడనుకోండి. ఎవరూ కోప్పడరు. కానీ ఒకరిద్దరు నవ్వుతారు, టోపీ ఎక్కడ పెట్టావని అడిగినా అడుగుతారు. అక్కడ హౌడీ పలకరింపు కాదు, వేషం. న్యూయార్క్ వాళ్లు కూడా ఆ మాట వాడతారు గానీ, సరదాకి, గొంతు మార్చి వాడతారు. వినేవాడికి ఆ తేడా ఇట్టే తెలుస్తుంది.

రెండో ప్రశ్న వాట్సప్. ‘ఏంటి సంగతి’ అని దాని అసలు అర్థం. 1940లో వచ్చిన ‘ఎ వైల్డ్ హేర్’ అనే కార్టూన్‌లో బగ్స్ బన్నీ అనే కుందేలు తుపాకీ పట్టుకున్న వేటగాడి ఎదుటే క్యారట్ కొరుకుతూ తాపీగా ఇదే ప్రశ్న వేసి అమెరికాను నవ్వించింది. 1999 చివర్లో ఒక బీరు ప్రకటనలో నలుగురైదుగురు నల్లజాతి స్నేహితులు ఫోన్లలో ఆ మాటను సాగదీసి, నాలుక బయటపెట్టి అరుచుకున్నారు. దాంతో అది ప్రపంచమంతా పాకింది. 2009లో పుట్టిన వాట్సాప్ పేరు ఈ మాట మీద చేసిన శ్లేషే. ఇంగ్లిష్ ముక్క రాని అవ్వ కూడా ఇప్పుడు రోజుకు పదిసార్లు ఆ పేరు తలుస్తోంది.

తలవడం వేరు, దానికి బదులివ్వడం వేరు. అమెరికాకు కొత్తగా వెళ్లినవాళ్లు ఎక్కువగా తడబడేది ఈ మాట దగ్గరే. ఆఫీసు వరండాలో ఎదురొచ్చిన సహోద్యోగి ‘హే, వాట్సప్’ అంటాడు. మనవాడు ఆగి, నిన్న రాత్రి పిల్లాడికి జ్వరం వచ్చిందని మొదలుపెడతాడు. తలెత్తి చూస్తే అవతలి మనిషి నాలుగడుగులు దాటిపోయి ఉంటాడు. అది నిర్లక్ష్యం కాదు. అతను అడగనే లేదు, పలకరించాడంతే. ‘నాట్ మచ్’ అంటే చాలు. లేదా తిరిగి ‘వాట్సప్’ అన్నా చాలు. తల కాస్త ఎగరేసినా సరిపోతుంది. ‘ఫైన్, థాంక్యూ’ అంటే మాత్రం కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది, ఎందుకంటే అది ఎలా ఉన్నావన్న ప్రశ్నకు జవాబు, ఏంటి సంగతి అన్నదానికి కాదు.

అయితే ఇదే వాట్సప్ నిజంగా ప్రశ్న అయ్యే సందర్భాలూ ఉన్నాయి. మేనేజర్ గది తలుపు దగ్గర నిలబడితే ఆమె కంప్యూటర్ నుంచి తల తిప్పి ‘వాట్సప్?’ అంటుంది. అప్పుడు దాని అర్థం ‘ఏం పని మీద వచ్చావు’. అక్కడ ‘నాట్ మచ్’ అని నవ్వి నిలబడితే ఇద్దరికీ ఇబ్బందే. మాట ఒకటే అయినప్పుడు తేడా ఎలా పట్టుకోవాలి? కాళ్లను చూడాలి. అడిగిన మనిషి నడక ఆపకపోతే పలకరింపు. ఆగి, మొహం తిప్పి చూస్తుంటే ప్రశ్న. ఇక ‘వాట్సప్ విత్ యూ?’ అని ఒక ముక్క తోడైతే అది ‘నీకేమైంది’ అని నిలదీయడం దాకా వెళ్లవచ్చు.

ఎవరు ఎవరితో అనవచ్చు అన్నది ఇక్కడ తేలికే. సమవయస్కులు, ఇప్పటికే పరిచయం ఉన్నవాళ్లు, అదీ నోటితో. ఇంటర్వ్యూలో, డాక్టరు దగ్గర, ఇమ్మిగ్రేషన్ అధికారి కౌంటర్ ముందు వద్దు. పైవాళ్లు అంటే బదులివ్వవచ్చు, మనంతట మనం మొదలుపెట్టడం తొందరపాటు. ఆ బీరు ప్రకటనలోలా సాగదీసి అనడం పాతికేళ్ల కిందటి జోకు, ఇప్పుడు అంటే వయసు బయటపడుతుంది.

కేకల్లో పెద్దింటి హోదా దక్కించుకున్నది హలో. ఏరు అవతలి ఒడ్డున ఉన్న పడవవాణ్ని, అడవిలో వేటకుక్కల్ని కేకేసే హల్లో, హాలో, హొల్లా వంటి మాటల సంతానం అది. ఇప్పటి హలో అక్షరాలతో అచ్చులో కనబడటమే 1820ల్లో మొదలైంది. దానికి దశ తిరిగింది టెలిఫోన్ వల్ల. ఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహంబెల్‌కు ఓడ సరంగులు అరిచే ‘అహోయ్’ ఇష్టం. ఎడిసన్ దారి వేరు. 1877 ఆగస్టులో పిట్స్‌బర్గ్ టెలిగ్రాఫ్ కంపెనీ అధ్యక్షుడికి ఆయన ఒక ఉత్తరం రాశాడు. ఫోన్‌కు పిలుపు గంట అక్కర్లేదు, హలో అని అరిస్తే పది ఇరవై అడుగుల దూరానికి వినిపిస్తుంది అని దాని సారాంశం. అంటే ఎడిసన్ దృష్టిలో హలో పలకరింపు కాదు, గంటకు బదులు. చివరికి గంటా వచ్చింది, హలో కూడా ఉండిపోయింది. ఎక్స్ఛేంజిల్లో పనిచేసే అమ్మాయిలకు ‘హలో గర్ల్స్’ అనే పేరు స్థిరపడింది. మొదట్లో దాన్ని మోటు మాటగా ఈసడించుకున్న మర్యాదస్తులు కూడా రిసీవర్ ఎత్తి అదే అనక తప్పలేదు.

ఫోన్లో హలో ఏం పని చేస్తుందో చక్కగా పట్టుకున్నవాడు ఇమాన్యుయెల్ షెగ్లాఫ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త. 1968లో అచ్చయిన వ్యాసం కోసం ఆయన సుమారు 500 ఫోన్ సంభాషణల మొదళ్లు పరిశీలించాడు. ఫోన్ ఎత్తినవాడే ముందు మాట్లాడతాడన్న సూత్రం అన్నిటికీ సరిపోయింది, ఒక్క దానికి తప్ప. ఆ ఒక్క కాల్‌లో ఎత్తినవాళ్లు మాట్లాడలేదు. కాసేపు నిశ్శబ్దం తర్వాత ఫోన్ చేసినవాళ్లే హలో అన్నారు. వేరే ఎవరైనా అయితే ఆ ఒక్కదాన్ని పక్కన పడేసేవారు. షెగ్లాఫ్ మాత్రం దానికోసం మొత్తం సూత్రాన్నే తిరగరాశాడు. మోగే గంట ఒక పిలుపు, ఎత్తినవాడి హలో ఆ పిలుపుకు ‘ఆఁ’ అనడం, బదులు రాకపోతే పిలిచినవాడు మళ్లీ పిలుస్తాడు. ఆ ఒక్క కాల్‌లో రెండోసారి మోగిన గంటే ఆ హలో.

ఇది తెలిస్తే ఇప్పటి అలవాట్లు కొన్ని సులువుగా అర్థమవుతాయి. తెరమీద అమ్మ పేరు కనబడితే హైదరాబాద్‌లో ఎవరూ హలో అనరు, ‘చెప్పమ్మా’ అంటారు. అమెరికాలో స్నేహితుడి పేరు కనబడితే ‘హే!’ అని ఎత్తుతారు. తెలియని నంబరుకే హలో, అదీ చివర్లో గొంతు పైకి లేపి. ఎదురుపడ్డప్పుడు అనే హలోకు గొంతు కిందికి దిగుతుంది. ఇక మీటింగులో ఎవరైనా మధ్యలో సాగదీసి ‘హెలో-ఓ’ అంటే అది పలకరింపు కానే కాదు, బుర్ర ఇక్కడే ఉందా అని ఎత్తిపొడుపు. అక్షరాల్లో గొంతు వినపడదు కాబట్టి రాతలో హలో కాస్త బిగుసుకుంటుంది. అందుకే పరిచయం లేనివాళ్లకూ, పదిమందికి కలిపి రాసేటప్పుడూ, ప్రొఫెసర్లకూ అది నప్పుతుంది. రోజూ హాయ్ అని రాసే బాసు ఒకరోజు హలో అని మొదలుపెడితే కింది ఉద్యోగి రెండోసారి చదువుకుంటాడు.

హాయ్, హే కూడా ‘ఇటు చూడు’ అన్న అరుపులే. హాయ్ అరుపు పూర్తిగా మెత్తబడింది. 19వ శతాబ్దం నడుమ అమెరికాలో పలకరింపుగా కుదురుకుని, ఇవాళ అక్కడి ఆఫీసుల్లో ఎవరి దగ్గరా తప్పుపోని మాటగా నిలబడింది. హే మాత్రం ఇప్పటికీ రెండు పడవల మీద కాలు వేసే ఉంది. చిరునవ్వుతో పొట్టిగా అంటే స్నేహం, గట్టిగా అంటే ‘ఏయ్’. రోడ్డు మీద ముక్కూ మొహం తెలియని ఆడమనిషిని ఒక మగవాడు హే అంటే ఆమె చెవికి రెండోదే వినిపిస్తుంది, అతని ఉద్దేశం ఏదైనా సరే.

మళ్లీ ఇక్కడా ప్రాంతం అడ్డొస్తుంది. అమెరికా దక్షిణాదిలో హే అంటే తరతరాలుగా మామూలు పలకరింపే, పిల్లలు పెద్దల్ని కూడా అలాగే పలకరిస్తారు. 1960లో అచ్చయిన హార్పర్ లీ ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ నవలలో అలబామా రాష్ట్రపు చిన్నపిల్ల స్కౌట్ ఉంటుంది. జైలు ముందు మూగిన కోపిష్టి మూకలో ఆమెకు తెలిసిన ఒక పెద్దమనిషి కనబడతాడు. ఆ పిల్ల అతన్ని హే అనే పలకరిస్తుంది, వెంటనే మిస్టర్ అని ఇంటిపేరు చేరుస్తుంది. గౌరవమంతా ఆ మిస్టర్‌లో ఉంది. కొత్తవాళ్లు గమనించాల్సింది ఇదే. హాయా హేనా అని తలబద్దలు కొట్టుకునేవాళ్లు దాని పక్కన ఏ పేరు పెడుతున్నారో చూసుకోరు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడ అమ్మాయి లావణ్యకు డాలస్ దగ్గర ప్లేనోలో ఉద్యోగం వచ్చింది. మేనేజర్ పేరు సూసన్ మిల్లర్, ఇంతవరకు పరిచయం లేదు. మొదటి మెయిల్‌కు ‘హలో మిజ్ మిల్లర్’ బాగుంటుంది. మిజ్ అంటే పెళ్లయిందో లేదో చెప్పని సంబోధన, ఆఫీసుల్లో అదే క్షేమం. ‘రెస్పెక్టెడ్ మేడమ్’ అంటే అక్కడ పాత కోర్టు కాగితంలా ఉంటుంది. ‘హాయ్ మిస్ సూసన్’ మనవాళ్లు తరచుగా రాసేది. దక్షిణాదిలో పెద్దావిడను నోటితో అలా పిలిచే ఆప్యాయపు అలవాటు ఉంది గానీ, ఆఫీసు మెయిల్‌లో మిస్, మిస్టర్ పక్కన ఉండాల్సింది ఇంటిపేరు.

జవాబు వస్తుంది. ‘హాయ్ లావణ్య’ అని మొదలై, కింద ఉత్త ‘సూసన్’ అని ముగుస్తుంది. ఆ సంతకమే అనుమతి. ఇకనుంచి ‘హాయ్ సూసన్’ అనవచ్చు. ఆ తర్వాత కూడా మిజ్ మిల్లర్ అనే రాస్తే అది వినయంగా కాక, దూరం పెట్టినట్టుగా కనబడుతుంది. పదిరోజుల తర్వాత చాట్‌లో సూసనే ‘హే లావణ్య, చిన్న డౌటు’ అంటుంది. అప్పుడు చాట్‌లో హే కూడా చెల్లుతుంది. కానీ క్లయింటును సీసీలో పెట్టిన మెయిల్‌లో మళ్లీ హాయ్‌కో హలోకో వెనక్కి వెళ్లాలి, ఎందుకంటే చదివేది సూసన్ ఒక్కతే కాదు. ఒకే విషయం మీద అరగంటలో అయిదారు మెయిళ్లు నడిస్తే నాలుగో దానికల్లా పలకరింపే ఎగిరిపోతుంది. అది కోపం కాదు, మాట మధ్యలో మళ్లీ మళ్లీ నమస్కారం పెట్టకపోవడం.

హాయ్‌లోని పాత కేక ఇప్పటికీ బయటపడే చోటు ఆఫీసు చాట్ ఒక్కటే. హైదరాబాద్‌లో సాయంత్రం ఆరున్నరకు లావణ్య టీమ్‌లోని కుర్రాడు సూసన్‌కు ‘హాయ్’ అని పంపి ఆగుతాడు. నేరుగా పని చెప్పడం మర్యాద కాదని, ఆమె పలికాక అడుగుదామని అతని ఉద్దేశం. వేసవిలో డాలస్‌లో అప్పుడు ఉదయం ఎనిమిది. సూసన్ దారిలో ఉంటుంది. ఎనిమిదీ నలభైకి చూసి ‘హాయ్’ అంటుంది. ఇక్కడ ఏడుంపావు కావస్తోంది, కుర్రాడు క్యాబ్ ఎక్కేశాడు. మర్నాడు సాయంత్రం దాకా ఆ రెండు హాయ్‌లు అలాగే పడి ఉంటాయి. సూసన్‌కేమో ఏం అడగబోతున్నాడో తెలియని చిరాకు. షెగ్లాఫ్ చెప్పిన ఫోన్ గంటే ఇది. ఒట్టి హాయ్ మోగుతుంది గానీ ఎందుకు మోగిందో చెప్పదు.

అదే ఆరున్నరకు అతను ‘హాయ్ సూసన్, నిన్నటి రిపోర్టులో మూడో పట్టికలో మార్చి అంకెలు లేవు, ఆ ఫైలు మళ్లీ పంపగలరా?’ అని ఒక్క మెసేజ్‌గా పెడితే, ఎనిమిదీ నలభైకి ఫైలే వస్తుంది.